ఫోన్ చదివిన బిల్లులో ఏ అంకెకు ఓకే కొట్టాలి?

(కోదాడలో కిరాణా వర్తకుల ముందు ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసింది)

అందరికీ నమస్కారం. షాపులు మూసి వచ్చారు, చాలామందికి ఇంకా భోజనం కాలేదు. అందుకని ఒక్క బిల్లు తీసుకుని దాని మీదే మాట్లాడతాను.

మీలో సగం మంది ఫోన్లలో ఇప్పుడు ఏదో ఒక బిల్లు స్కాన్ చేసే యాప్ ఉంది. డిస్ట్రిబ్యూటరు కుర్రాడు సరుకు దించి బిల్లు ఇస్తాడు, మీరు ఫోటో తీస్తారు, నాలుగు సెకన్లలో తెర మీద అంకెలు వచ్చేస్తాయి. షాపు పేరు, బిల్లు నంబరు, తేదీ, టాక్స్, టోటల్. కింద ఆకుపచ్చ బటన్. దాని మీద వేలు పెడతారు. గల్లా ముందు నలుగురు నిలబడి ఉంటే ఎవరైనా అదే చేస్తారు, నేను కాదనను. నెలాఖరున ఆ లెక్కలు నా దగ్గరికి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ముందు ఆ యాప్ ఏం చేస్తుందో చెబుతాను. అది చేసే పనులు రెండు. ఒకటి, కాగితం మీది అక్షరాలను, అంకెలను చదవడం. రెండు, చదివిన వాటిలో ఏది టోటల్, ఏది టాక్స్, ఏది తేదీ అని ఎంచుకోవడం. మొదటి పనిలో ఇప్పటి యాప్‌లు బాగానే ఉన్నాయి. శుభ్రంగా ప్రింట్ అయిన బిల్లయితే తప్పు తక్కువ. దెబ్బంతా రెండో పనిలో తగులుతుంది. ఎందుకంటే మన బిల్లుల మీద 'టోటల్' అన్న మాట ఒక్కసారి ఉండదు. సరుకు సంఖ్య టోటల్ ఒకటి, డిస్కౌంటుకు ముందు టోటల్ ఒకటి, పేజీ మారితే పేజీ టోటల్ ఒకటి, టాక్స్ టోటల్ ఒకటి, బిల్లు టోటల్ ఒకటి, పాత బాకీ కలిపిన టోటల్ ఇంకొకటి. సాధారణంగా అన్నిటికంటే కింద, అన్నిటికంటే పెద్దగా ఉన్నదాన్నే అది పట్టుకుంటుంది.

యాప్‌లో అంకె పక్కన పచ్చ చుక్కో, 98 శాతం అనో చూపిస్తుంది కదా. "98 అంటే కరెక్టే కదండీ" అని నాతో చాలామంది అంటారు. చాలా యాప్‌లలో ఆ 98 అంకె ఎంత స్పష్టంగా కనిపించిందో చెప్పేదే. అది మీకు కావలసిన అంకె అవునో కాదో చెప్పేది కాదు. పాత బాకీ కలిపిన టోటల్‌ను కూడా అది 98 శాతం స్పష్టంగానే చదువుతుంది.

ఇక బిల్లు. ఇది నేను బోర్డు మీద వేస్తున్నది, లెక్క కోసం అల్లుకున్నదే, కానీ ఇలాంటివి మీ ఫైళ్లలో బోలెడు ఉంటాయి. సబ్బులు, బట్టల పొడి. స్నానం సబ్బులు 8,407 రూపాయలవి, బట్టల పొడి 6,250 రూపాయలది. రెండూ కలిపి 14,657. సబ్బుల మీద స్కీము డిస్కౌంటు 350. అంటే సబ్బులు 8,057కి దిగాయి. మొత్తం టాక్స్ పడే విలువ 14,307.

ఇప్పుడు టాక్స్. 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానం సబ్బు 5 శాతంలోకి వచ్చింది, అంతకు ముందు 18. బట్టల పొడి 18లోనే ఉంది. డిస్ట్రిబ్యూటరు కూడా తెలంగాణలోనే ఉన్నాడు కాబట్టి టాక్స్ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని సగం సగం పడుతుంది. సబ్బుల మీద 201 రూపాయల 43 పైసలు చొప్పున రెండు, పొడి మీద 562.50 చొప్పున రెండు. అంటే సీజీఎస్టీ 763.93, ఎస్‌జీఎస్టీ 763.93, కలిపి 1,527.86. రూపాయికి సరిచేయడానికి రౌండాఫ్ 14 పైసలు కలిపారు. బిల్లు 15,835. దాని కింద 'పాత బాకీ 9,300', ఆ కింద లావుపాటి అక్షరాల్లో 'నెట్ బ్యాలెన్స్ 25,135'.

యాప్ ఏం తెచ్చిందో చూడండి. టోటల్ 25,135. టాక్స్ 1,527.86. టాక్స్ పడే విలువ 14,657. మూడు అంకెలూ కాగితం మీద ఉన్నవే. ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు. అయినా మూడింట్లో రెండు మీ పుస్తకంలోకి రాకూడనివి.

25,135 ఎందుకు రాకూడదు? అందులో 9,300 పోయినసారి సరుకుది. ఆ బిల్లు వచ్చినప్పుడే దాన్ని ఎక్కించారు. ఇప్పుడు ఈ బిల్లును 25,135 కొనుగోలుగా ఎక్కిస్తే ఆ పార్టీ ఖాతాలో మీరు ఇవ్వాల్సింది 9,300, 25,135 కలిసి 34,435 అవుతుంది. నిజంగా ఇవ్వాల్సింది 25,135. బాకీ వసూలుకు వచ్చిన కుర్రాడు తన పుస్తకం చూసి తక్కువే అడుగుతాడు, మీరు సంతోషంగా ఇచ్చేసి ఊరుకుంటారు. కానీ పుస్తకంలో 9,300 అలాగే వేలాడుతూ ఉంటుంది. కొనుగోళ్లు అంత ఎక్కువ కనిపిస్తాయి, లాభం అంత తక్కువ కనిపిస్తుంది. వచ్చే బిల్లులో పాత బాకీ మళ్లీ కలుస్తుంది. అలా ఆరు బిల్లులు అయ్యాక ఆ ఖాతా విప్పడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది ఒకసారి. అది నేను చేసిన తప్పే. మొదటి నెలలో టోటళ్లు చూడకుండా ఎక్కించేశాను.

14,657 సంగతి. అది డిస్కౌంటుకు ముందు అంకె. బిల్లులోనే చూపించిన డిస్కౌంటు పోయాకే టాక్స్ లెక్కేస్తారు, మీకు సరుకు పడిన ధర కూడా డిస్కౌంటు పోయినదే. 14,657 ఎక్కిస్తే ఈ బిల్లులో మీకు 350 మిగిలిన సంగతి ఎక్కడా కనిపించదు. సబ్బు మీద మార్జిన్ లేదని మీరే అనుకుంటారు.

(సభలో నుంచి ఒకరు: "సార్, మరి మేము పట్టుకునేదెలా? ఇంత లెక్క మాకు కుదరదు.")

కుదరాల్సిన లెక్క ఒక్కటే అన్నా. టాక్స్ పడే విలువకు టాక్స్ కలపండి. రౌండాఫ్ ఉంటే కలపండి లేదా తీసేయండి. బిల్లు టోటల్ రావాలి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉందిగా, ఇలా:

```
14,307.00 + 763.93 + 763.93 + 0.14 = 15,835.00
```

ఇది సరిపోయింది. ఇప్పుడు యాప్ తెచ్చిన వాటితో చేద్దాం. 14,657కి 1,527.86 కలిపితే 16,184.86. యాప్ టోటల్ 25,135. తేడా 8,950.14. ఈ తేడా చూడగానే కంగారు పడి మొత్తం చెరిపేయకండి. తేడా అంకెలో తప్పు ఎక్కడుందో దొరుకుతుంది. పాత బాకీ 9,300లో డిస్కౌంటు 350 పోతే 8,950. మిగిలిన 14 పైసలు రౌండాఫ్. మూడూ కాగితం మీద ఉన్నాయి. నాకు ఈ పనిలో ఎక్కువ సంబరం ఇదే, తేడాకు పేరు దొరకడం. టెన్షన్ అంతా అక్కడితో పోతుంది.

రౌండాఫ్‌కు ఒక హద్దు ఉందని గుర్తుపెట్టుకోండి. దగ్గరి రూపాయికి సరిచేసేదే కాబట్టి అది 50 పైసలు దాటదు. యాప్‌లో రౌండాఫ్ దగ్గర 14 అని పైసల చుక్క లేకుండా కనిపిస్తే అది 14 రూపాయలు కాదు, చుక్క ఎగిరిపోయింది. టాక్స్‌లో కూడా ఇంతే. 763.93లో చుక్క పోతే 76,393 అవుతుంది. పదిహేను వేల బిల్లుకు డెబ్బయి ఆరు వేల టాక్సా అని మనిషికి వెంటనే తడుతుంది, కొన్ని యాప్‌లకు తట్టదు. పాత సూది ప్రింటర్ బిల్లుల్లో, రిబ్బన్ అయిపోవచ్చిన వాటిలో ఇది తరచుగా జరుగుతుంది. ఇంకొకటి, మన రూపాయి గుర్తు. దాన్ని ఒక్కోసారి 7గానో 2గానో చదువుతుంది. 1,240 కాస్తా 71,240 అవుతుంది. ముందు అంకె 7 అయి మొత్తం మరీ పెద్దగా కనిపిస్తే కాగితం మీద అక్కడ రూపాయి గుర్తు ఉందేమో చూడండి.

టాక్స్ ఒక్క అంకెగా చూపిస్తే సరిపోదు. 14,307 మీద 1,527.86 అంటే 10.68 శాతం. అలాంటి రేటు జీఎస్టీలో లేదు. లేదని యాప్ తప్పనుకోకండి, 5 శాతం సరుకు, 18 శాతం సరుకు కలిసినందుకు అలా వచ్చింది. అందుకే రేటు వారీగా చూడాలి. బిల్లు అడుగున చిన్న పట్టిక ఉంటుంది, ఏ రేటు మీద ఎంత విలువ, ఎంత టాక్స్ అని. 8,057 మీద 5 శాతం 402.85, బిల్లులో 402.86 ఉంటుంది. ఆ పైసా సగాలు చేసి విడివిడిగా సరిచేసినందుకు వచ్చింది, దాని జోలికి పోవద్దు. 6,250 మీద 18 శాతం 1,125, సరిగ్గా ఉంది.

ఇక్కడే ఒక మోసం దాగుంది. మోసమంటే ఎవరో చేసింది కాదు, యాప్ తీరు. కొన్ని యాప్‌లు టాక్స్ అంకె మసగ్గా ఉంటే దాన్ని చదవవు, తామే లెక్కేసి పెడతాయి. అప్పుడు మనం కలిపి చూస్తే ఎప్పుడూ సరిపోతుంది, ఎందుకంటే అది సరిపోయేలా లెక్కేసిందే. పోలికకు విలువ పోయింది. ఆ యాప్‌లో స్నానం సబ్బుకు పాత 18 శాతమే ఉండిపోయిందనుకోండి, 8,057 మీద 402 బదులు 1,450 పెడుతుంది, టోటల్ కూడా దానికి తగ్గట్టు మార్చేస్తుంది. మీ యాప్ ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. ఒక పాత బిల్లు తీసుకుని టాక్స్ వరసల మీద తెల్ల కాగితం ముక్క పెట్టి ఫోటో తీయండి. ఖాళీ చూపిస్తే అది చదివే యాప్. టాక్స్ అంకె వచ్చేస్తే అది లెక్కేసే యాప్. లెక్కేసేదైతే టాక్స్‌ను ఎప్పుడూ కాగితంతోనే పోల్చుకోవాలి, తెర మీద కలిపి చూసుకుని లాభం లేదు.

కోదాడలో ఉన్నాం కాబట్టి ఒక ముక్క చెప్పక తప్పదు. మనలో చాలామంది సరుకు విజయవాడ నుంచి తెప్పించుకుంటాం. రాష్ట్రం దాటి వచ్చే సరుకు, అందుకని ఆ బిల్లులో ఐజీఎస్టీ ఒక్కటే ఉండాలి, సగం సగం ఉండకూడదు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మనది 36, ఆంధ్రప్రదేశ్‌ది 37. 37తో మొదలయ్యే పార్టీ మన షాపుకు పంపిన బిల్లును యాప్ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ గడుల్లో పంచిందంటే ఆపి చూడండి. అలాగే 36 పార్టీ బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పైసతో సహా ఒకటిగా ఉండాలి. ఒకటి 763.93, ఇంకొకటి 768.93 వస్తే 3ను 8గా చదివింది. రెండో వరస అసలు రాకపోతే సగం టాక్స్ కాగితం మీదే ఉండిపోయినట్టు.

(ఒక మహిళా వర్తకురాలు: "మాది కాంపొజిషన్ సార్. మాకు టాక్స్ క్రెడిట్టే రాదు. మాకెందుకీ గోల?")

మంచి మాట అడిగారమ్మా. మీకు క్రెడిట్ రాదు కాబట్టి మీరిచ్చిన టాక్స్ కూడా సరుకు ఖర్చులోనే కలిసిపోతుంది. మీకు ముఖ్యం బిల్లు టోటల్ ఒక్కటే, 15,835. పాత బాకీ దాంట్లో కలవకుండా చూసుకుంటే చాలు. రేటు వారీ పట్టిక మీరు వదిలేయవచ్చు. రెగ్యులర్‌లో ఉన్నవాళ్లకు మాత్రం అలా కుదరదు.

రెగ్యులర్ వాళ్లు అడిగేదొకటి ఉంది. "క్రెడిట్ పోర్టల్లో జీఎస్టీఆర్-2బి నుంచి దానంతట అదే వస్తుందిగా, బిల్లులో టాక్స్ చూడటం ఎందుకు" అని. నిజమే, 2బి ప్రతి నెల 14న వస్తుంది, అందులో మీకు సరుకమ్మిన వాళ్లు ఎక్కించిన బిల్లులు ఉంటాయి. కానీ వాళ్లు ఎక్కించనివి అందులో ఉండవు. వాళ్లు ఎక్కించకపోతే మీకు క్రెడిట్ లేదు, చట్టం ఇప్పుడలాగే ఉంది. ఎక్కించలేదని మీకు తెలిసేది మీ దగ్గరున్న బిల్లు అంకెలతో పోల్చుకున్నప్పుడే. మీ వైపు అంకెలే తప్పయితే పోల్చేదేముంది? 25,135 అని మీ పుస్తకంలో ఉంటే 2బిలో 15,835 కనిపిస్తుంది, మీరు ఆ డిస్ట్రిబ్యూటరుకు ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటారు. తప్పు మీ ఫోన్‌ది.

అందుకే డబ్బు అంకెలతో పాటు బిల్లు నంబరు, తేదీ కూడా చూడమంటాను. 2బిలో బిల్లు దొరికేది వాటితోనే. తేదీలో 05/06 అని ఉంటే మనకు జూన్ 5, కొన్ని యాప్‌లకు మే 6. నెల మారిపోతే ఆ బిల్లు 2బిలో లేదని అనుకుంటారు. 12 దాటిన తేదీలకు ఈ బాధ లేదు, 13వ నెల లేదు కాబట్టి. నెల మొదటి పన్నెండు రోజుల బిల్లులకే ఈ గొడవంతా.

పెద్ద డిస్ట్రిబ్యూటర్ల బిల్లుల మీద ఒక చదరపు క్యూఆర్ కోడ్ ఉంటుంది, పక్కన ఐఆర్‌ఎన్ అని 64 అక్షరాల పొడవాటి వరస. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వాళ్లు వర్తకులకు ఇచ్చే బిల్లులకు అది వేయాలి, 2023 ఆగస్టు 1 నుంచి. ఆ కోడ్‌లో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, బిల్లు మొత్తం, ఎన్ని రకాల సరుకో ఉంటాయి. ప్రభుత్వ వెరిఫైయర్ యాప్‌తో చూస్తే కనిపిస్తాయి. నాకైతే ఇదే ఎక్కువ నమ్మకం, అందులో బిల్లు మొత్తం ఉంటుంది కానీ పాత బాకీ ఉండదు. మన బిల్లుకు ఆ కోడ్ ఉంటే 15,835 అనే చెబుతుంది. యాప్ 25,135 అందంటే ఎవరి మాట వినాలో ఇక చెప్పక్కర్లేదు. కానీ బిల్లు మీద ఉన్న ప్రతి క్యూఆర్ అదే కాదు, డబ్బు పంపే యూపీఐ కోడ్ కూడా పక్కనే ఉంటుంది. ఫోన్ పేమెంట్ తెర తెరుచుకుంటే అది వేరే కోడ్.

చిన్న డిస్ట్రిబ్యూటర్ల బిల్లుకు ఆ వసతి ఉండదు. వాళ్ల బిల్లుల మీద ఇంకో చిక్కు. సరుకు దించేటప్పుడు మీరు 5,000 ఇస్తారు, కుర్రాడు బిల్లు మీదే పెన్నుతో '5,000 ముట్టింది, బాకీ 20,135' అని రాసి సంతకం పెడతాడు. మీరు ఆ తర్వాత ఫోటో తీస్తారు. యాప్ ఆ చేతిరాతను కూడా అంకె అనుకుంటుంది. ఒక్కోసారి టోటల్ 20,135 అని వస్తుంది, ఒక్కోసారి 5,000. చెల్లింపు వేరే పద్దు, బిల్లు వేరే పద్దు. ఫోటో ముందు తీసి, డబ్బులు తర్వాత రాయించుకోండి.

(ఒకరు: "హమాలీ, ఆటో చార్జీ బిల్లులో వేస్తే?")

బిల్లులో అచ్చు వేసి ఉంటే అది కూడా మీ ఖర్చే. దాని మీద టాక్స్ వేశారో లేదో పట్టికలో చూడండి. కలిపి చూసినప్పుడు తేడా సరిగ్గా హమాలీ అంత వస్తే యాప్ ఆ వరస వదిలేసిందని. ఇందాక చెప్పినట్టే, తేడాకు పేరు వెతకండి.

రోజుకు పది బిల్లులు వచ్చే షాపులో ప్రతి అంకె చూడమంటే ఎవరూ చూడరు, నేనూ చూడను. సరుకు వరసలు, సంఖ్య టోటల్, రౌండాఫ్, పార్టీ చిరునామా, ఇవి తప్పయినా తర్వాత దిద్దుకోవచ్చు. బటన్ నొక్కే ముందు కాగితం మీద వేలు పెట్టి చూడాల్సినవి పాత బాకీ కలవని బిల్లు టోటల్, డిస్కౌంటు పోయిన విలువ, రేటు వారీ టాక్స్. వాటితో పాటు నంబరు, తేదీ. అర నిమిషం పని. కొత్త పార్టీ అయితే జీఎస్టీ నంబరు కూడా ఒక్కసారి చూడండి, తర్వాత యాప్ గుర్తుపెట్టుకుంటుంది. ఒకే పార్టీ బిల్లు రూపం మారదు కాబట్టి మొదటి రెండు మూడు బిల్లుల్లో యాప్ ఏ టోటల్ పట్టుకుంటుందో చూస్తే, తర్వాత కూడా అదే తప్పు చేస్తుందని తెలిసిపోతుంది.

(వెనక నుంచి ఒకరు: "ఫోటో ఉందిగా, కాగితం పారేయొచ్చా?")

పారేయకండి. బిల్లులు, లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. వేడికి నల్లబడే ఆ నున్నటి థర్మల్ కాగితం బిల్లులు అంతకాలం ఉండవు, ఒక్కోసారి కొన్ని నెలల్లోనే తెల్లబడిపోతాయి. వాటిని వచ్చిన రోజే ఫోటో తీసి, జిరాక్స్ ఒకటి తీసి పెట్టుకోండి. డాష్‌బోర్డు మీద, పొయ్యి పక్కన పెట్టొద్దు. ఇప్పుడు ఎవరి దగ్గరైనా బిల్లు ఉంటే ఇటు ఇవ్వండి, మీ ఫోన్లోనే తీసి చూద్దాం.